ట్యాంకు నిండుగా ఉంటే 90.2 ఎందుకు చూపించింది?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం ఉదయం పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి తెర మీద అంకెలు కనిపిస్తున్నాయా? కనిపించకపోతే ముందుకు వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

తెర మీద ఉన్నది ఒక వాటర్ ట్యాంకు లాగ్. ఎం.వి.పి. కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ మేడ మీది ట్యాంకు అది. మూతకి లోపలి వైపు అల్ట్రాసోనిక్ సెన్సర్ ఒకటి కిందికి చూసేలా బిగించారు. సెన్సర్ నుంచి నీటి మట్టానికి ఎంత దూరం ఉందో నిమిషానికోసారి సెంటీమీటర్లలో రాస్తుంది. అంకె తగ్గిందంటే నీళ్లు పెరిగాయని అర్థం.

```
06:10   34.1
06:11   34.2
06:12   90.2
06:13   34.1
06:14   90.2
06:15   90.3
```

34 అంటే ట్యాంకు దాదాపు నిండినట్టు. 90 అంటే సగానికి పైగా ఖాళీ. నిమిషంలో 56 సెంటీమీటర్ల నీళ్లు దిగిపోయి, మరుసటి నిమిషంలో మళ్లీ నిండడం జరిగే పని కాదు కదా. పైగా ఈ సర్క్యూట్ మోటారుని కూడా నడుపుతోంది. 88 దాటితే ఆన్ చేయమని రాశారు. దాంతో తెల్లవారుజామున ట్యాంకు నిండుగా ఉండగా మోటారు ఆన్ అయింది, నీళ్లు పొర్లి మెట్ల మీదుగా కిందికి వచ్చాయి. వాచ్‌మన్ లేచి మెయిన్ ఆపేశాడు.

దీన్ని చేసిన కుర్రాడు, ఫైనలియర్, మూడో వరసలో కూర్చున్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. మొదట వైరు లూజుగా ఉందనుకున్నాడు. మీలో చాలామంది అదే అంటారు. కానీ వైరు లూజైతే అంకెలు ఇష్టం వచ్చినట్టు గెంతుతాయి. ఇక్కడ తప్పు వచ్చినప్పుడల్లా 90.2, లేదంటే 90.3. ఒకే అంకె మళ్లీ మళ్లీ వస్తుంటే, ఆ తప్పు వెనక ఏదో లెక్క ఉన్నట్టే. ఇవాళ ఆ లెక్క తవ్వుదాం. దాని కోసం ఎకో పల్స్‌ని టైమర్ ఎలా కొలుస్తుందో మొదటి నుంచీ చూడాలి.

సెన్సర్ సంగతి తొందరగా ముగిస్తాను, అందరూ వాడినదే. HC-SR04. ఆర్.కె. బీచ్‌లో కురుసుర సబ్‌మెరీన్ లోపల తిరిగి వచ్చినవాళ్లకి సోనార్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ నీళ్లలో చేసేది ఇక్కడ గాలిలో చేస్తున్నాం, అంతే. ట్రిగ్గర్ పిన్ను 10 మైక్రోసెకన్లు పైకి లేపితే, సెన్సర్ 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని ఎనిమిది సైకిళ్లు వదులుతుంది. వదిలాక ఎకో పిన్నుని పైకి లేపుతుంది. శబ్దం నీటికి తగిలి తిరిగి వచ్చాక ఆ పిన్నుని కిందికి దించుతుంది. పిన్ను ఎంతసేపు పైన ఉందో అదే శబ్దం వెళ్లి వచ్చిన సమయం. ట్రిగ్గర్ ఇచ్చిన క్షణం నుంచి లెక్క మొదలుపెట్టకండి. ట్రిగ్గర్‌కీ ఎకో లేవడానికీ మధ్య కొన్ని వందల మైక్రోసెకన్లు పోతాయి, అది మాడ్యూల్‌ని బట్టి మారుతుంది. కొలవాల్సింది ఎకో పల్స్ వెడల్పు మాత్రమే.

శబ్దం పోయి రావాలి కాబట్టి ఒక సెంటీమీటరు దూరానికి దాదాపు 58 మైక్రోసెకన్లు పడుతుంది. అందుకే అన్ని ప్రోగ్రాముల్లోనూ 58 తో భాగించడం కనిపిస్తుంది. 34.1 సెంటీమీటర్లు అంటే 1978 మైక్రోసెకన్ల పల్స్. ఈ 1978 ని గుర్తుపెట్టుకోండి, దీంతోనే చాలాసేపు పని ఉంది.

ఇప్పుడు దీన్ని ఎలా కొలవాలి? ఈ కుర్రాడు మొదట అందరిలాగే ఎకో పిన్నుకి ఇంటరప్ట్ పెట్టి, పిన్ను లేచినప్పుడు ఒకసారి, దిగినప్పుడు ఒకసారి micros() చదివాడు. బల్ల మీద చక్కగా పనిచేసింది. తర్వాత వాచ్‌మన్ గది గోడ మీద నీటి మట్టం చూపించడానికి 60 బల్బుల WS2812 ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టాడు. నీళ్లు కదులుతున్నట్టు కనిపించాలని దానికి యానిమేషన్ కూడా. అక్కడి నుంచి టెన్షన్ మొదలైంది. రీడింగులు 20, 30 సెంటీమీటర్లు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాయి.

కారణం చూడండి. ఆ స్ట్రిప్‌లో ఒక్కో ఎల్‌ఈడీకి 24 బిట్లు పంపాలి, బిట్టుకి 1.25 మైక్రోసెకన్లు. అంటే ఎల్‌ఈడీకి 30 మైక్రోసెకన్లు. 60 ఎల్‌ఈడీలకి 1800 మైక్రోసెకన్లు. ఆ బిట్ల టైమింగ్ చెడకూడదని, మనం వాడే లైబ్రరీ ఆ సమయమంతా ఇంటరప్ట్‌లని ఆపేస్తుంది. ఆ మధ్యలో ఎకో పిన్ను దిగిందనుకోండి, ప్రాసెసర్‌కి ఆ కబురు అందేసరికి 1.8 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం కావచ్చు. 1800 ని 58 తో భాగిస్తే 31 సెంటీమీటర్లు. అతనికి వచ్చిన ఊగిసలాట అదే. ఇంకో చిన్న సంగతి, micros() కూడా Timer0 ఇంటరప్ట్ మీదే ఆధారపడి నడుస్తుంది. ఆ టైమరు 1.024 మిల్లీసెకన్లకోసారి పొంగుతుంది. ఇంటరప్ట్‌లు అంతకంటే ఎక్కువసేపు ఆగితే అసలు గడియారమే కొంచెం వెనకబడుతుంది.

ఇక్కడ మన తప్పు ఏమిటంటే, సంఘటన జరిగిన సమయాన్ని కాకుండా, సంఘటనని మనం గమనించిన సమయాన్ని రాసుకుంటున్నాం. ఎల్‌ఈడీలు లేనంతకాలం ఈ రెండింటి మధ్య తేడా కొన్ని మైక్రోసెకన్లే, కాబట్టి ఎవరికీ పట్టింపు ఉండదు.

హార్డ్‌వేర్ టైమర్‌లో ఇన్‌పుట్ క్యాప్చర్ అని ఒక ఏర్పాటు ఉంది, అది సరిగ్గా దీనికే. టైమరు తన పాటికి తాను లెక్కపెడుతూ ఉంటుంది. పిన్ను మీద అంచు రాగానే, ఆ క్షణంలో టైమరులో ఉన్న అంకెని సర్క్యూటే తీసి ఇంకో రిజిస్టరులో దాచేస్తుంది. ప్రాసెసర్‌ని అడగదు, ఇంటరప్ట్ కోసం ఆగదు. స్టీల్ ప్లాంటు గేటు దగ్గర పంచింగ్ మెషిన్ గుర్తుచేసుకోండి. కార్డు పెట్టగానే టైము పడిపోతుంది. ఆఫీసులో గుమస్తా ఆ జాబితాని మధ్యాహ్నం చూసినా, సాయంత్రం చూసినా అందులో టైము మారదు.

అర్డుయినో ఊనోలో ఉండే ATmega328P లో ఈ పని చేసేది Timer1, 16 బిట్ల టైమరు. దాని క్యాప్చర్ పిన్ను పేరు ICP1, బోర్డు మీద అది 8 వ నంబరు పిన్ను. వేరే పిన్ను పెడితే కుదరదు, ఇది లోపల తీగతో కట్టేసిన దారి. ఎకో వైరు అక్కడికే రావాలి. ఆ కుర్రాడు దీనికి మారాడు. అతని కోడ్ కాస్త శుభ్రం చేసి పెట్టాను.

```c
volatile uint16_t rise, width;
volatile uint8_t done;

void timer_init(void) {
  TCCR1A = 0;
  TCCR1B = (1<<ICNC1) | (1<<ICES1) | (1<<CS11);
  TIFR1  = (1<<ICF1);
  TIMSK1 = (1<<ICIE1);
}

ISR(TIMER1_CAPT_vect) {
  uint16_t now = ICR1;
  if (TCCR1B & (1<<ICES1)) {
    rise = now;
    TCCR1B &= ~(1<<ICES1);
  } else {
    width = now - rise;
    done = 1;
    TCCR1B |= (1<<ICES1);
  }
  TIFR1 = (1<<ICF1);
}
```

మొదటి వరసలో TCCR1A = 0 ని చిన్నచూపు చూడకండి. అర్డుయినో లోపలి కోడ్ మన కంటే ముందే Timer1 ని పీడబ్ల్యూఎం కోసం సిద్ధం చేసి పెడుతుంది. దాన్ని తుడిచేయకపోతే టైమరు 65,535 దాకా వెళ్లకుండా మధ్యలోనే వెనక్కి తిరుగుతుంది. సర్వో లైబ్రరీ కూడా ఊనోలో ఇదే టైమరుని వాడుకుంటుంది, కాబట్టి రెండూ ఒకే ప్రోగ్రాములో ఇమడవు.

ICES1 అనే బిట్టు 1 అయితే లేచే అంచుని, 0 అయితే దిగే అంచుని పట్టమని అర్థం. లేచే అంచు దొరికాక దాన్ని తిరగేస్తున్నాం. తిరగేసిన వెంటనే ICF1 జెండాని తుడవాలి. అంచు మార్చడమే ఒక అంచులా కనిపించి జెండా లేచే ప్రమాదం ఉంది, అందుకే తుడవమని డేటాషీట్ కూడా చెబుతుంది. ఆ జెండాని తుడవడానికి దానిలో 1 రాయాలి, 0 కాదు. కొత్తవాళ్లు ఇక్కడ ఒకసారి తెల్లబోతారు. ICNC1 అనేది శబ్దాన్ని, అంటే వైరు మీద వచ్చే చిల్లర నాయిస్‌ని వడకట్టేది. వరసగా నాలుగు శాంపిళ్లు ఒకేలా ఉంటేనే అంచుగా ఒప్పుకుంటుంది. నాలుగు క్లాకుల ఆలస్యం వస్తుంది గానీ రెండు అంచులకీ అంతే వస్తుంది కాబట్టి తీసివేతలో పోతుంది. మేడ మీది నుంచి కింది దాకా పొడవాటి వైరు ఉంటే దీన్ని తప్పకుండా పెట్టుకోండి.

CS11 ఒక్కటే పెడితే ప్రీస్కేలర్ 8. 16 మెగాహెర్ట్జ్‌ని 8 తో భాగిస్తే 2 మెగాహెర్ట్జ్. టిక్కుకి అర మైక్రోసెకను.

ఇప్పుడు మన 1978 మైక్రోసెకన్లు 3956 టిక్కులవుతాయి. ఎకో లేచినప్పుడు టైమరులో 63,120 ఉందనుకుందాం. దానికి 3956 కలిపితే 67,076. కానీ టైమరు 65,535 దాటగానే సున్నాకి వచ్చేస్తుంది. కాబట్టి ఎకో దిగినప్పుడు రిజిస్టరులో 1540 ఉంటుంది. 1540 లోంచి 63,120 తీస్తే మైనస్ 61,580. ఇదేంటి, నెగిటివ్ వచ్చిందే అని కంగారు పడక్కర్లేదు. 16 బిట్ల అన్‌సైన్డ్ తీసివేతలో దానికి 65,536 తనంతట తానే కలుస్తుంది. 3956. సరిగ్గా కావలసిందే. కోడ్‌లో ఎక్కడా if పెట్టక్కర్లేదు. అయితే ఇదే కోడ్‌ని 32 బిట్ల చిప్పుకి తీసుకెళ్లి, తీసివేత ఫలితాన్ని నేరుగా పెద్ద వేరియబుల్‌లో వేస్తే మైనస్ అంకె నిజంగానే బయటపడుతుంది. అక్కడ (uint16_t) అని క్యాస్ట్ చేయాలి.

ఈ మార్పుతో ఊగిసలాట పోయింది. ఎల్‌ఈడీలు ఎంత ఆడినా 34.1, 34.2. కుర్రాడు సంతోషించి మోటారు కలిపాడు. ఆ తర్వాత వారంలోనే 90.2 మొదలైంది.

అసలు కథ ఇక్కడుంది. నిండిన ట్యాంకులో తెల్లవారుజామున ఏం జరుగుతుంది? మన ఊళ్లో గాలిలో తేమ సంగతి మీకు చెప్పక్కర్లేదు. రాత్రంతా మూత చల్లబడుతుంది, నీళ్లు మూత కంటే వెచ్చగా ఉంటాయి. మూత లోపల చెమట పట్టినట్టు చుక్కలు చేరతాయి. సెన్సర్ జాలీల మీదా చేరతాయి. చుక్క అడ్డం పడితే వెళ్లే శబ్దం తగ్గుతుంది, వచ్చే శబ్దం ఇంకా తగ్గుతుంది. ఎకో దొరకదు. మోటారు నడుస్తున్నప్పుడు పైపు నుంచి నీళ్లు పడి మట్టం కల్లోలమైనా ఇంతే. శబ్దం అటూ ఇటూ చెదిరిపోతుంది, సెన్సర్ వైపు సరిపడా తిరిగి రాదు.

ఎకో దొరకనప్పుడు సెన్సర్ ఏం చేస్తుంది? ఊరికే ఉండదు. ఎకో పిన్నుని చాలాసేపు పైన ఉంచి, విసిగి కిందికి దించుతుంది. అతని దగ్గరున్న మాడ్యూల్‌లో ఆ సమయం 38 మిల్లీసెకన్లు. అంటే 38,000 మైక్రోసెకన్లు, మన టైమరులో 76,000 టిక్కులు.

76,000. టైమరులో పట్టేది ఎంత? 65,536. ఇందాక మనకి మేలు చేసిన ఆ తీసివేతే ఇప్పుడు ముంచుతుంది. 76,000 లోంచి ఒక పూర్తి చుట్టు మాయమైపోతుంది. మిగిలేది 10,464 టిక్కులు. అంటే 5232 మైక్రోసెకన్లు. 58 తో భాగించండి.

(సభలోంచి: తొంభై పాయింట్ రెండు!)

అదీ సంగతి. "నాకేమీ వినిపించలేదు" అని సెన్సర్ చెప్పిన మాటని మన ప్రోగ్రాము "నీళ్లు 90.2 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి" అని చదివింది. ఈ తప్పు ఎందుకింత ప్రమాదమంటే, ఆ అంకె నమ్మేలా ఉంటుంది. 655 వచ్చి ఉంటే ఎవరైనా నవ్వి పక్కన పడేసేవాళ్లు. 130 సెంటీమీటర్ల లోతున్న ట్యాంకులో 90 వస్తే ఎవరికి అనుమానం వస్తుంది? మోటారుకి అసలే రాదు.

అర మైక్రోసెకను టిక్కుతో 16 బిట్ల టైమరు ఒక చుట్టు 32.768 మిల్లీసెకన్లు. ఈ సెన్సర్ గరిష్ఠ దూరం 4 మీటర్లు, దానికి కావలసింది 23 మిల్లీసెకన్ల పైచిలుకు. కాబట్టి కాగితం మీద అంతా సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ టైమరుని ఎంచుకోవాల్సింది కొలవగల గరిష్ఠ దూరాన్ని చూసి కాదు, రాగల గరిష్ఠ పల్స్‌ని చూసి.

దీన్ని నిర్ధారించుకోవడం చాలా తేలిక. సెన్సర్ మీద దళసరి గుడ్డ కప్పండి, లేదా బయటికి తీసుకెళ్లి ఆకాశం వైపు తిప్పండి. ఎకో రాదు. అప్పుడు 90.2 వచ్చిందంటే ఇదే జబ్బు. ప్రీస్కేలర్ 8 నుంచి 64 కి మార్చి మళ్లీ చూడండి. 90.2 పోయి 655 వస్తుంది. నీళ్ల దూరం ప్రీస్కేలర్‌ని బట్టి మారదు కదా, మారిందంటే తప్పు లెక్కలోనే ఉంది. లాజిక్ అనలైజర్ ఉంటే ఇంకా సుఖం, పల్స్ కళ్లకే కనిపిస్తుంది.

బాగుచేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది, టైమరు ఎన్నిసార్లు పొంగిందో ఓవర్‌ఫ్లో ఇంటరప్ట్‌లో లెక్కపెట్టడం. పుస్తకాల్లో ఇదే ఉంటుంది. నాకు ఇది ఇష్టం ఉండదు. టైమరు పొంగడం, ఎకో అంచు రావడం దాదాపు ఒకేసారి జరిగితే ఏది ముందు జరిగిందో తేల్చుకోవాలి. ఈ చిప్పులో క్యాప్చర్ ఇంటరప్ట్‌కే ప్రాధాన్యం ఎక్కువ, కాబట్టి పొంగు ముందు జరిగినా దాని లెక్క తర్వాత పడుతుంది. దానికి TOV1 జెండా చూసి, ICR1 చిన్నదా పెద్దదా చూసి సర్దాలి. చేయొచ్చు. కానీ తప్పు చేస్తే అది ఎప్పుడో ఒకసారి గానీ బయటపడదు, అలాంటి తప్పుల్ని వెతకడం నరకం.

రెండోది, ప్రీస్కేలర్‌ని 64 చేయడం. CS11 తో పాటు CS10 కూడా పెట్టడం, అంతే. టిక్కు 4 మైక్రోసెకన్లు. ఒక చుట్టు 262 మిల్లీసెకన్లు. 38 మిల్లీసెకన్లు అంటే 9500 టిక్కులు, హాయిగా పడుతుంది. 200 మిల్లీసెకన్లు ఆగే మాడ్యూళ్లు కూడా ఉన్నాయి, అవీ పడతాయి. తర్వాత 25 మిల్లీసెకన్లు దాటిన ఏ పల్స్‌నైనా దూరంగా మార్చకుండా "ఎకో లేదు" అని రాసుకోండి. "ఎకో లేదు" వస్తే మోటారు స్థితిని మార్చకండి. వరసగా చాలాసేపు వస్తే మోటారు ఆపేసి మనిషిని పిలవండి.

మరి అర మైక్రోసెకను ఖచ్చితత్వం పోయిందే అంటారేమో. పోయిందేమీ లేదు. 4 మైక్రోసెకన్లు అంటే దూరంలో 0.7 మిల్లీమీటర్లు. సెన్సర్ చేసే తప్పు దీనికంటే పెద్దది. తిరిగి వచ్చే శబ్దం ఒక్కసారిగా పెరగదు, సైకిల్ తర్వాత సైకిల్ పెరుగుతూ వస్తుంది. ఒక గీత దాటగానే సెన్సర్ "వచ్చేసింది" అంటుంది. ఎకో కొంచెం బలహీనంగా ఉంటే ఆ గీతని ఈ సైకిల్ దాటదు, తర్వాతది దాటుతుంది. 40 కిలోహెర్ట్జ్‌కి ఒక సైకిల్ 25 మైక్రోసెకన్లు, దూరంలో 4 మిల్లీమీటర్ల పైన. కదలని గోడ ముందు సెన్సర్ పెట్టి వందల రీడింగులు తీసి గ్రాఫ్ గీయండి. అవి పరుచుకుని ఉండవు, 4 మిల్లీమీటర్ల దూరంలో రెండు కుప్పలుగా పడడం చూస్తారు. అది టైమరు తప్పు కాదు. అందుకే సగటు కంటే ఐదు రీడింగులు తీసి మధ్యది తీసుకోవడం మేలు. ఊనోలో ఆ చిప్పుకి క్రిస్టల్ బదులు సిరామిక్ రెసోనేటర్ ఉంటుంది, దానిలో అర శాతం దాకా తేడా ఉండొచ్చు. 34 సెంటీమీటర్లలో అర శాతం అంటే 1.7 మిల్లీమీటర్లు. ఇన్ని ఉండగా అర మైక్రోసెకను కోసం పట్టుపట్టడం దండగ.

పట్టుపట్టాల్సింది ఉష్ణోగ్రత గురించి. గాలిలో శబ్ద వేగం సెకనుకు 331.3 మీటర్లు, దానికి ప్రతి డిగ్రీకీ 0.606 కలపండి. 30 డిగ్రీల దగ్గర 349.5 మీటర్లు వస్తుంది. మన 1978 మైక్రోసెకన్లని దీంతో లెక్కిస్తే 34.6 సెంటీమీటర్లు. 58 తో వచ్చింది 34.1. అర సెంటీమీటరు తేడా. 58 అనేది 20 డిగ్రీల చుట్టుపక్కల లెక్క, మనకి జనవరి తెల్లవారుజామున తప్ప పనికిరాదు. మే నెల మధ్యాహ్నం మూత కింద గాలి 40 డిగ్రీలకి వెళ్తే వేగం 355.5. నీళ్లు మీటరు కిందికి ఉంటే 58 తో వచ్చే తప్పు మూడు సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. DS18B20 ఒకటి సెన్సర్ పక్కనే, మూత లోపల పెట్టండి. బయట పెడితే ప్రయోజనం లేదు, శబ్దం తిరిగేది లోపలి గాలిలో.

ఇంకొక్కటి చెప్పి ప్రశ్నలకి వస్తాను. ఇన్‌పుట్ క్యాప్చర్ పెట్టాం కాబట్టి ఎల్‌ఈడీ బెడద పూర్తిగా పోయిందనుకోకండి. క్యాప్చర్ రిజిస్టరు ఒకటే. ఇంటరప్ట్‌లు ఆగిన ఆ 1800 మైక్రోసెకన్లలో ఒక అంచు వస్తే భద్రంగా ఉంటుంది. లేచే అంచు, దిగే అంచు రెండూ అందులోనే వస్తే? 31 సెంటీమీటర్ల లోపు దూరానికి అలా జరగొచ్చు. లేచిన సమయం దొరుకుతుంది. ఇంటరప్ట్ ఆలస్యంగా వచ్చి ICES1 ని తిప్పేసరికి పిన్ను ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. ఇక కోడ్ దిగే అంచు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. తర్వాతి కొలతలో పిన్ను దిగినప్పుడు, అప్పటి సమయంలోంచి పాత rise ని తీసేసి ఏదో చెత్త అంకె ఇస్తుంది. కాబట్టి ప్రతి ట్రిగ్గర్‌కి ముందు ICES1 ని మళ్లీ లేచే అంచుకి పెట్టండి, ICF1 తుడవండి, done ని సున్నా చేయండి. కొలత జరుగుతున్నంతసేపూ ఎల్‌ఈడీలని ముట్టుకోకండి. యానిమేషన్ కొన్ని మిల్లీసెకన్లు ఆగితే వాచ్‌మన్ కంటికి తెలియదు.

సరే, అడగండి.

(ఒక విద్యార్థిని: సర్, STM32 లో కూడా అంచుని ఇలా తిప్పుతూ ఉండాలా?)

అక్కర్లేదమ్మా. అక్కడ ఒకే పిన్నుని లోపల రెండు క్యాప్చర్ ఛానెళ్లకి కలపొచ్చు. ఒకటి లేచే అంచుని, ఇంకోటి దిగే అంచుని పడుతుంది. పీడబ్ల్యూఎం ఇన్‌పుట్ మోడ్ అంటారు. లేచే అంచు దగ్గర టైమరు తనే సున్నాకి వచ్చేలా పెడితే, దిగే అంచుని పట్టే రిజిస్టరులో నేరుగా పల్స్ వెడల్పే ఉంటుంది. ఇప్పుడు చెప్పిన ఎల్‌ఈడీ ఇబ్బంది కూడా ఉండదు. ఒక్క జాగ్రత్త, ఎకో పిన్ను 5 వోల్ట్‌లు ఇస్తుంది, ఆ చిప్పు 3.3 వోల్ట్‌లది. 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో డివైడర్ పెట్టి తగ్గించుకో.

(ఇంకొకరు: అన్నా, జాలీల మీద నీళ్లు చేరకుండా వాటర్‌ప్రూఫ్ సెన్సర్ పెట్టేస్తే సరిపోదా?)

JSN-SR04T గురించేగా? ట్యాంకుకి అదే మంచిది, మన సముద్రపు గాలికి మామూలు సెన్సర్ జాలీలు తుప్పు పట్టిపోతాయి కూడా. కానీ దానిలో శబ్దం వదిలేదీ వినేదీ ఒకటే డిస్క్. వదిలాక అది కాసేపు మోగుతూనే ఉంటుంది, ఆ మోత ఆగేదాకా వినలేదు. అందుకని 20, 25 సెంటీమీటర్ల లోపు దూరాన్ని కొలవలేదు. నీళ్లు నిండు మట్టానికి వచ్చినా సెన్సర్‌కి ఇంకా 25 పైన ఉండేలా ఎత్తులో బిగించాలి. మూత మీద చిన్న పైపు ముక్క నిలబెట్టి దాని పైన పెడదామనుకుంటావేమో, సన్న పైపైతే దాని అంచు నుంచే ఎకో వస్తుంది. వెడల్పుగా ఉండాలి. ఇంకోటి, ఎకో దొరకనప్పుడు అది ఎంతసేపు ఆగుతుందో నీ దగ్గరున్న మాడ్యూల్ మీద గుడ్డ కప్పి కొలుచుకో, ఒక్కో రకానిది ఒక్కోలా ఉంటుంది.

(మూడో వరసలోంచి: మాకు పక్కపక్కనే రెండు ట్యాంకులు ఉన్నాయి సర్, మధ్యలో ఖాళీ ఉంది. రెండు సెన్సర్లూ ఒకేసారి ట్రిగ్గర్ చేయొచ్చా?)

నువ్వే కదా! వద్దు. ఒకదాని శబ్దం ఇంకోదాని చెవిన పడుతుంది, రెండూ 40 కిలోహెర్ట్జే, ఎవరిది ఎవరిదో వాటికి తెలియదు. ఒకటి కొలిచాక కనీసం 60 మిల్లీసెకన్లు ఆగి రెండోది కొలువు. అంతసేపట్లో శబ్దం 20 మీటర్లు తిరిగి చచ్చిపోతుంది. రెండో ఎకో వైరుని 8 వ పిన్నుకే డయోడ్‌తో కలుపు, కింద ఒక 10 కిలోఓమ్ రెసిస్టర్ గ్రౌండ్‌కి. ఒకసారికి ఒకటే పనిచేస్తుంది కాబట్టి టైమరు ఒకటే సరిపోతుంది. మొదటి దానికీ డయోడ్ పెట్టడం మర్చిపోకు, లేకపోతే రెండోది పైకి లేపిన వైరుని మొదటిది కిందికి లాగుతుంది.